రెండేళ్లన్నారు, పదకొండో నెలకే ఎర్ర లైటు

“ఏమండీ, ఫిల్టర్ రెండేళ్ల దాకా మార్చక్కర్లేదని చెప్పి అమ్మారు. పదకొండో నెల నడుస్తోంది, అప్పుడే ఎర్ర లైటు వెలుగుతోంది. ఇదేం లెక్క?”

ఫోన్ చేసినావిడ గొంతులో కోపం కన్నా, మోసపోయానేమోనన్న అనుమానమే ఎక్కువ. ఇవతల హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న అమ్మాయి ఉద్యోగంలో చేరి ఆరు వారాలైంది. ఆమె ముందు స్క్రీన్ మీద కంపెనీవాళ్లు ఇచ్చిన పీపీటీ తెరిచి ఉంది. తొమ్మిదో స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో ‘2 సంవత్సరాల ఫిల్టర్ లైఫ్’ అని ఉంది. చివరి అక్షరం నెత్తిన ఒక చిన్న చుక్క గుర్తు. ఆ చుక్కకి అర్థమేమిటో ఆ స్లైడ్‌లో ఎక్కడా కనపడదు. “ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి మేడమ్, కనుక్కుని చెప్తాను” అంది ఆ అమ్మాయి. ఎవరిని కనుక్కోవాలో ఆమెకి తెలీదు.

ఈ ఫోనూ ఈ మోడలూ విషయం అర్థం కావడానికి నేను కల్పించుకున్నవి. ఏ కంపెనీకీ చెందినవి కావు. కానీ మన ఇళ్లలో ఉండే ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్లు పనిచేసే తీరు మాత్రం ఇక్కడ చెప్పినట్టే ఉంటుంది. ఇలాంటి ఫోన్లు ఎందుకొస్తాయో, వచ్చినప్పుడు ఆ అమ్మాయి తడుముకోకుండా ఉండాలంటే ముందే ఎవరు ఏం చేసి ఉండాల్సిందో చెప్పడం ఈ వ్యాసం పని. ఆ చేయాల్సిన పనికి ఆఫీసుల్లో ఒక పేరుంది: లాంచ్ డెక్ నుంచి ఎఫ్ఏక్యూ తయారుచేయడం.

డెక్ అంటే కొత్త వస్తువు విడుదలకి ముందు కంపెనీ తయారుచేసుకునే స్లైడ్ల కట్ట. డీలర్లకి చూపిస్తారు, అమ్మకాలవాళ్లకి చూపిస్తారు, పై అధికారుల ముందు పెడతారు. ఎఫ్ఏక్యూ అంటే జనం తరచూ అడిగే ప్రశ్నలకి సిద్ధంగా పెట్టుకున్న జవాబులు. మొదటిది ‘ఇది ఎందుకు కొనాలి’ అన్నదానికి జవాబు. రెండోది ‘మా ఇంట్లో ఇలా ఎందుకు జరిగింది’ అన్నదానికి జవాబు. మొదటిదాన్ని తీసుకుని రెండోది చేయమంటే చాలామంది స్లైడ్‌లో ఉన్న వాక్యాన్నే ప్రశ్నగా తిప్పి రాసేస్తారు. ‘ఫిల్టర్ లైఫ్ ఎంత?’ ‘2 సంవత్సరాలు.’ పని అయిపోయిందనుకుంటారు. ఆ జవాబు చేతిలో పెట్టుకున్న అమ్మాయే ఇందాక లైన్‌లో ఉండమన్నది.

స్లైడ్ మీద అబద్ధం ఉండదు. కానీ అక్కడున్న ప్రతి పెద్ద అంకె వెనకా ఒక షరతు ఉంటుంది. ఆ షరతు స్లైడ్ మీద పట్టదు. స్లైడ్ చూపించే మనిషి నోటితో చెప్తాడు, లేకపోతే కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది, అదీ కాకపోతే చివరన అనుబంధంగా పెట్టిన ఏ ఇరవై మూడో స్లైడ్‌లోనో ఉంటుంది. కాబట్టి ఎఫ్ఏక్యూ రాయడమంటే నా దృష్టిలో ఆ షరతుల్ని వెతికి బయటికి తీయడం. వాక్యాలు దిద్దడం ఆ తర్వాతి సంగతి.

అందుకే ఈ పని చేసేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది డెక్ అసలు ఫైలు. సాధారణంగా మెయిల్‌లో వచ్చేది పీడీఎఫ్. పీడీఎఫ్‌గా మార్చినప్పుడు, ప్రత్యేకంగా చెప్పకపోతే, స్లైడ్ కింద మాట్లాడేవాళ్లు రాసుకున్న నోట్స్ రావు. షరతులు ఎక్కువగా దొరికేది ఆ నోట్స్‌లోనే. మన తొమ్మిదో స్లైడ్ నోట్స్ తెరిస్తే ఒక్క లైను ఉంది: ‘లేదా 6000 లీటర్లు, ఏది ముందైతే అది.’ మొత్తం గొడవకి తాళంచెవి అదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. రోజుకి 8 లీటర్లు వాడే ఇంట్లో 6000 లీటర్లు 750 రోజులొస్తాయి, అంటే రెండేళ్లు దాటుతుంది. స్లైడ్ రాసినవాళ్లు ఊహించుకున్నది ఇలాంటి ఇంటిని. భార్యాభర్తా ఒక పాపా, తాగడానికి మాత్రమే వాడేవాళ్లు. మనకి ఫోన్ చేసినావిడ ఇంట్లో ఆరుగురున్నారు. తాగడానికే కాదు, అన్నం వండడానికీ పప్పు ఉడకడానికీ అవే నీళ్లు. రోజుకి 18 లీటర్లు అవుతాయి. 6000ని 18తో భాగిస్తే 333 రోజులు. సరిగ్గా పదకొండు నెలలు. మిషన్ పాడవలేదు, కంపెనీ ఇచ్చిన అంకె తప్పు కాదు, ఆవిడ అడిగినదాంట్లోనూ తప్పు లేదు. ఆవిడ ఇల్లూ స్లైడ్‌లోని ఇల్లూ వేరు, అంతే.

ఈ లెక్క పదకొండో నెలలో ఫోన్ వచ్చాక వేసుకుంటే అది సంజాయిషీలా వినిపిస్తుంది. విడుదలకి ముందు వేసుకుంటే రెండు పనులవుతాయి. జవాబు సిద్ధమవుతుంది. దాంతోపాటు అమ్మకాలవాళ్లకి ‘రెండేళ్లు అని మాత్రమే చెప్పకండి, రోజుకి ఎన్ని లీటర్లు వాడతారో అడగండి’ అని వెనక్కి చెప్పే వీలుంటుంది. పైగా ఇది చట్టానికి సంబంధించిన సంగతి కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడమూ తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తుంది. డెక్ ప్రకటన కాదు, నిజమే. కానీ అందులోని వాక్యమే రేపు షాపు ముందు ఫ్లెక్సీ మీదికెక్కుతుంది.

అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. మన డెక్‌లో 24 స్లైడ్లున్నాయనుకుందాం. ఒక్కో స్లైడే చదువుతూ, అందులో కంపెనీ ఏ మాట ఇస్తోందో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటూ పోవాలి. స్లైడ్ నంబరు, ఇచ్చిన మాట, ఆ మాట విన్న మనిషి ఫోన్‌లో ఏమని అడుగుతాడు, వెనక షరతేమిటి, ఆ షరతు ఎవరికి తెలుసు. నాలుగో గడి వరకూ వస్తే సగానికి పైగా ఖాళీగా ఉంటాయి. ఉండాలి కూడా. ఆ ఖాళీలే రేపు ఎవరెవరి దగ్గరికి వెళ్లి కూర్చోవాలో చెప్తాయి.

మూడో గడి దగ్గర చాలామంది తొందరపడతారు. అక్కడ కంపెనీ భాషలో ప్రశ్న రాస్తే ఉపయోగం లేదు. ‘ప్రవాహ సామర్థ్యం తగ్గుటకు గల కారణములేవి’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. “నీళ్లు సన్నగా వస్తున్నాయండీ” అంటారు. “మిషన్ ఆగకుండా ఒకటే మోగుతోంది” అంటారు. “మీ నీళ్లు చప్పగా ఉన్నాయి, మా బోరు నీళ్లే నయం” అంటారు. ఈ మాటలు ఊహించి రాయలేం. పాత మోడల్ మీద వచ్చిన టికెట్లు ఒక రెండు వందలు తీసి చదివితే దొరుకుతాయి, ఇంకా మంచిది రికార్డయిన కాల్స్ ఓ సగం రోజు కూర్చుని వినడం. దానివల్ల ఇంకో లాభం ఉంది. ఏజెంట్ వెతికేది తను ఫోన్‌లో విన్న మాటతోనే. ‘సన్నగా’ అని కొడితే జవాబు రాకపోతే, ఆ జవాబు ఎంత బాగా రాసినా లేనట్టే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టే అలవాటు వాళ్లలో ఎక్కువ కాబట్టి, ఆ రూపాలు కూడా ప్రశ్న కింద చేర్చి పెట్టాలి.

పాత టికెట్లు చదివితేనే తెలిసే మరో సంగతి, జనం అడిగే వాటిలో కొన్ని డెక్‌లో ఎక్కడా ఉండవు. అద్దె ఇల్లు మారితే మిషన్ విప్పి బిగించడానికి ఎంత? గోడకి టైల్స్ ఉన్నాయి, రంధ్రం వేస్తే పగిలితే ఎవరిది బాధ్యత? “ఆర్‌ఓ ఫిల్టర్లు గవర్నమెంటు నిషేధించిందట కదా?” ఈ చివరిది పూర్తిగా పుకారు కాదు. నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. అది లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. అవసరం లేనిచోట నీళ్లు వృథాగా మురుగులోకి పోతున్నాయన్నది వాళ్ల బాధ. మంజీరా, కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చే హైదరాబాద్ ఇంటివాళ్లు ఈ ప్రశ్న అడిగితే ఏజెంట్ ఏమనాలి? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. “ముందు టీడీఎస్ కొలిపించుకోండి, 500 లోపుంటే మీకు ఆర్‌ఓ అవసరం లేదు, యూవీ మోడల్ సరిపోతుంది” అని రాసిపెట్టాలి. ఒక అమ్మకం పోతుందని ఈ వాక్యం కొట్టేయమనేవాళ్లు ప్రతి కంపెనీలో ఒకరుంటారు. వాళ్లతో వాదించడం కూడా ఈ పనిలో భాగమే.

ఇక నాలుగో గడి, షరతు. దీనికోసం డెక్ రాసినవాళ్ల దగ్గరికి కాదు, మిషన్ తయారుచేసినవాళ్ల దగ్గరికీ, ఇళ్లకి వెళ్లి రిపేరు చేసేవాళ్ల దగ్గరికీ వెళ్లాలి. ఆరో స్లైడ్ చూడండి: ‘గంటకు 15 లీటర్ల శుద్ధి’. ఇంజినీర్ని అడగాల్సింది ‘ఇది నిజమేనా’ అని కాదు. నిజమే అంటాడు. ‘ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు’ అని అడగాలి. అప్పుడు మాట బయటికొస్తుంది. ఆ అంకె ప్రయోగశాలలో 25 డిగ్రీల నీళ్లతో, మంచి ప్రెషర్‌తో కొలిచింది. ఆర్‌ఓలో నీళ్లు ఒక పల్చటి పొరలోంచి దూరాలి, ఆ పొరని మెంబ్రేన్ అంటారు. నీళ్లు చల్లబడేకొద్దీ చిక్కబడి నెమ్మదిగా దూరతాయి. 25 కన్నా ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ రమారమి మూడు శాతం చొప్పున వేగం పడిపోతుంది. డిసెంబర్ తెల్లవారుజామున డాబా మీది ట్యాంకులో నీళ్లు 15 డిగ్రీలకి దిగితే గంటకి 15 లీటర్లు కాస్తా 11 అవుతాయి. మార్చిలో విడుదలైన మోడల్ గురించి ఈ ప్రశ్న మొదటి ఎనిమిది నెలలూ ఎవరూ అడగరు. చలి మొదలయ్యాక ఆదిలాబాద్ నుంచి, అరకు నుంచి ఒక్కసారిగా వస్తాయి.

ఇంజినీరు చెప్పింది ఇది. సర్వీసు చూసే మనిషిని అడిగితే ఇంకో రెండు సంగతులు తెలిశాయి. మొదటిది, ప్రెషర్. మిషన్‌లోకి వచ్చే నీటికి కనీసం 3 మీటర్ల ఎత్తు నుంచి దిగే ఒత్తిడి కావాలి. పై అంతస్తులో, ట్యాంకుకి సరిగ్గా కింద ఉన్న ఫ్లాట్‌లో అది ఉండదు. అదే అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తువాళ్లకి బాగా పనిచేసే మిషన్ ఐదో అంతస్తులో ఏడిపించేది అందుకే. రెండోది నాకు మరీ విలువైనదిగా అనిపించింది. “నీళ్లు సన్నగా వస్తున్నాయి” అన్న ఒకే మాట వెనక రెండు వేర్వేరు జబ్బులుంటాయట. మిషన్‌లో 8 లీటర్ల చిన్న ట్యాంకు ఉంటుంది, శుద్ధయిన నీళ్లు అందులో నిండితే, కుళాయి తిప్పినప్పుడు అక్కణ్నుంచి దిగుతాయి. ట్యాంకు నిండా నీళ్లుండి కూడా కుళాయిలో ధార సన్నగా ఉంటే తప్పు కుళాయిది, లేదా దాని దారిలో ఏదో అడ్డుపడింది. మెంబ్రేన్‌కి ఏ సంబంధమూ లేదు. ట్యాంకే నెమ్మదిగా నిండుతుంటే అప్పుడు చలి, ప్రెషర్, మూసుకుపోయిన ముందటి ఫిల్టర్ వరసగా చూడాలి.

కాబట్టి ఎఫ్ఏక్యూలో ఈ ప్రశ్న కింద జవాబు కన్నా ముందు ఏజెంట్ తిరిగి అడగాల్సిన ప్రశ్న రాయాలి: “ట్యాంకు ఇప్పుడు నిండి ఉందాండీ?” ఉందంటే ఒక దారి. లేదంటే “ఖాళీ ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతోంది?” గంటకి 15 లీటర్ల లెక్కన 8 లీటర్లు 32 నిమిషాల్లో నిండాలి. చలికాలంలో 11 లెక్కన ముప్పావుగంట దాకా పట్టొచ్చు. గంట దాటితే చలి మీద నెట్టకుండా సర్వీసు మనిషిని పంపాలి. ఇంజినీరుకి తెలిసిన మూడు శాతం సంగతి ఇలా గడియారంతో కొలుచుకునే లెక్కగా మారితేనే ఫోన్‌లో పనికొస్తుంది. పాపం ఏజెంట్‌కి అవతల వంటింట్లో ఏముందో కనపడదు, గృహిణి చేతిలో థర్మామీటర్ ఉండదు. గోడ గడియారం మాత్రం ఇద్దరికీ ఉంటుంది.

ఒక్కోసారి రెండు స్లైడ్లు విడివిడిగా చదివితే బాగానే ఉండి, కలిపి చదివితే భయం పుట్టిస్తాయి. మన డెక్‌లో పదకొండో స్లైడ్ ‘99% హానికర పదార్థాల తొలగింపు’ అంటుంది. పద్నాలుగో స్లైడ్ ‘సహజ ఖనిజాలతో చక్కటి రుచి’ అంటుంది. నల్గొండ జిల్లా నుంచో కనిగిరి వైపు నుంచో ఒకాయన ఫోన్ చేసి “మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువండీ, మీ ఫిల్టర్‌లో పోతుందా?” అని అడుగుతాడు. పదకొండో స్లైడ్ చేతిలో ఉన్న ఏజెంట్ “99 శాతం పోతుంది సార్” అనేస్తాడు.

దేనిలో 99? ల్యాబ్ రిపోర్టు తెప్పించి చూస్తే ఆ అంకె బ్యాక్టీరియాది. ఫ్లోరైడ్ లాంటి కరిగిన లవణాల్ని ఈ మోడల్ మెంబ్రేన్ ఆపేది 90 శాతం దాకా. లీటరుకి 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు దీంట్లోంచి వస్తే 0.4 మిగులుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సర్దుకోవచ్చు. కాబట్టి 0.4 బాగానే ఉంది. ఇప్పుడు పద్నాలుగో స్లైడ్‌కి రండి. ‘సహజ ఖనిజాలు’ ఎక్కణ్నుంచి వస్తున్నాయి? ఈ రకం మిషన్లలో ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే మెంబ్రేన్‌లోంచి రాని నీళ్లు కొంత పక్కదారిన వచ్చి శుద్ధయిన నీళ్లలో కలుస్తాయి. చప్పగా ఉన్నాయన్నవాళ్లకి సర్వీసు మనిషి ఆ మర కాస్త వదులుచేస్తాడు. రుచి వస్తుంది. ఐదోవంతు పచ్చి నీళ్లు అలా కలిశాయనుకోండి. నాలుగు వంతుల శుద్ధ నీటిలో 0.4 చొప్పున, ఒక వంతు పచ్చి నీటిలో 4 చొప్పున, సగటు 1.12 అవుతుంది. ఆరోగ్యం కోసం మిషన్ కొన్న ఇంట్లో, రుచి కోసం చేసిన సర్దుబాటు వల్ల ప్రమాణం దాటిపోయింది. ఎవరూ తప్పు చేయలేదు. ఆ రెండు స్లైడ్లనీ ఎవరూ పక్కపక్కన పెట్టి చదవలేదు, అంతే.

ఇలాంటిది దొరికినప్పుడు ఎఫ్ఏక్యూలో ఒక వాక్యం రాసి ఊరుకుంటే సరిపోదు. ‘ఫ్లోరైడ్’ అన్న మాట వినపడగానే ఏజెంట్ ఏ శాతమూ చెప్పకూడదు, నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించమని చెప్పి కాల్‌ని సాంకేతిక బృందానికి ఇవ్వాలి, ఆ ఇంటి టికెట్ మీద ‘మర తిప్పవద్దు’ అని గుర్తు పడాలి, సర్వీసు మనుషులకి వేరే సూచన వెళ్లాలి. పదకొండో స్లైడ్‌లో ‘హానికర పదార్థాలు’ అన్న మాట ‘బ్యాక్టీరియా’గా మారాలి. డెక్ నుంచి ఎఫ్ఏక్యూ పుట్టాలన్నారు కదా, ఎఫ్ఏక్యూ వల్ల డెక్ మారడం కూడా జరుగుతుంది. అలా ఒక్క స్లైడ్ కూడా మారలేదంటే ఎఫ్ఏక్యూ రాసినవాళ్లు ఎవరినీ గట్టిగా అడగలేదని నాకు అనుమానం వస్తుంది.

రాయడం విషయానికొద్దాం. ఏజెంట్ చదివేది అవతల మనిషి చెవిలో ఫోన్ పెట్టుకుని ఎదురుచూస్తుండగా. ఆమెకి దొరికేది నాలుగైదు సెకన్లు. కాబట్టి మొదటి వాక్యం ఉన్నదున్నట్టు నోటితో అనగలిగేలా ఉండాలి. ‘వినియోగదారులు గమనించగలరు’ అన్నది ఏ నోటికీ పట్టదు. మొదటి ఫోన్‌కి నేను రాసే జవాబు ఇలా ఉంటుంది:

“రెండేళ్లన్నారు, అప్పుడే ఎర్ర లైటు వెలుగుతోంది.”

ముందు అనాల్సింది: “ఫిల్టర్ రెండేళ్లు గానీ 6000 లీటర్లు గానీ, ఏది ముందైతే అంతవరకు వస్తుందండీ. మీ ఇంట్లో ఎంత వాడారో మిషన్ మీదే చూసి చెప్పొచ్చు.”

అడగాల్సింది: “డిస్‌ప్లే మీద లీటర్ల అంకె ఎంత ఉంది? మిషన్ ఎప్పుడు బిగించారు?”

అంకె 6000 చేరితే: ఫిల్టర్ పని పూర్తయింది. మార్చాలి. ఇది వారంటీలోకి రాదు. ధర ఇక్కడ చూసి చెప్పొద్దు, ఆ రోజు ధరల పట్టికలో చూడండి.

అంకె 6000 లోపుండి, రెండేళ్లు నిండకపోతే: ఇది లోపం. మన్నించమని చెప్పి ఉచిత సర్వీసు టికెట్ వేయండి. ఎంత వాడారని మళ్లీ మళ్లీ అడగొద్దు.

అనకూడనిది: “మీరు ఎక్కువ వాడేశారు.”

చూసేవారు: సర్వీసు విభాగం. చివరిగా సరిచూసిన తేదీ కింద ఉంటుంది.

దీంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది లీటర్ల అంకె. అదే లేకపోతే ఏజెంట్‌కి ఇంటివాళ్ల మాట నమ్మడమో నమ్మకపోవడమో తప్ప దారి లేదు. ఇద్దరూ ఒకే అంకె చూస్తున్నప్పుడు వాదన ఉండదు. 3,100 దగ్గరే ఎర్ర లైటు వెలిగితే అది మిషన్ తప్పని ఇంటావిడ నిరూపించుకోవాల్సిన పని కూడా లేదు. జవాబు రాసేటప్పుడు ఇలా ఇద్దరికీ కనపడే గుర్తు ఒకటి ఎక్కడుందో వెతకడం మీద ఎక్కువ సమయం పెట్టమంటాను.

ధర సంగతి చూశారు కదా, కావాలనే రాయలేదు. డెక్ ఒక తేదీ దగ్గర గడ్డకట్టిన కాగితం. ధర దాని తర్వాత రెండుసార్లు మారి ఉంటుంది. మారేదాన్ని ఒక్కచోటే ఉంచి, మిగతా అన్నిచోట్ల నుంచి అక్కడికి దారి చూపించాలి. డెక్‌లో ఇంకా కొన్ని బయటికి పోకూడనివి ఉంటాయి: డీలర్ కమిషను, పక్క కంపెనీతో పోలిక, ‘దీపావళికి వేడినీళ్ల మోడల్’ లాంటి రాబోయే ఆలోచనలు. వీటిని ఊరికే వదిలేస్తే చాలదు. షాపువాడు నోరుజారి చెప్పింది విని జనం అడుగుతారు. “ఇప్పుడు షాపుల్లో ఉన్న మోడల్స్ గురించే చెప్పగలనండీ” అన్న వాక్యం ఏజెంట్ చేతిలో ఉండాలి. లేకపోతే మర్యాద కోసం “వస్తుందేమో సార్” అంటుంది, దీపావళి మర్నాడు ఆ ‘వస్తుందేమో’ కంపెనీ ఇచ్చిన మాటైపోతుంది.

వారంటీ గురించి ఒక్క మాట. డెక్‌లో ‘1 సంవత్సరం పూర్తి వారంటీ’ అని ఉంటుంది. డబ్బాలో పెట్టే కార్డు మీద ‘ఫిల్టర్లు, మెంబ్రేన్ మినహా’ అని ఉంటుంది. రెండు కాగితాలు రెండు రకాలుగా చెప్తున్నప్పుడు రాసే మనిషి తనకి సబబనిపించినదాన్ని ఎంచుకోకూడదు. కొన్నవాళ్ల చేతిలో ఉండేది కార్డు, వాళ్లు విన్నది డెక్‌లోని మాట. ఏది చెల్లుతుందో లీగల్ వాళ్ల చేత రాతపూర్వకంగా తేల్పించుకుని, ఆ తర్వాతే జవాబు రాయాలి. అది తేలేదాకా ఆ ప్రశ్నని ఖాళీగా ఉంచడమే మంచిది, తప్పు జవాబుతో నింపడం కన్నా.

రాసినదంతా సరిగ్గా ఉందో లేదో తెలిసేది ఒక్క పరీక్షతోనే. డెక్ ఒక్కసారి కూడా చూడని ఏజెంట్‌ని ఒకరిని కూర్చోబెట్టి, మీరు పక్క గదిలోంచి ఫోన్ చేయండి. పాత టికెట్లలోని మాటలే వాడండి, కాస్త విసుగ్గా మాట్లాడండి, మధ్యలో పిల్లవాడు ఏడుస్తున్నట్టు ఆగండి. చూడాల్సినవి రెండు. సరైన జవాబు దగ్గరికి చేరడానికి ఎంతసేపు పట్టింది? చేరాక దాన్ని తన మాటల్లో చెప్పినప్పుడు అర్థం మారిందా? మన ఉదాహరణలో ‘ఏది ముందైతే అది’ అన్నదాన్ని ఏజెంట్ “రెండేళ్లు, లేకపోతే 6000 లీటర్లు” అని కుదించేస్తే, విన్నవాళ్లు ఏది ఎక్కువైతే అది అనుకుంటారు. అప్పుడు వాక్యమే మార్చాలి: “రెండేళ్లు నిండకముందే 6000 లీటర్లు అయిపోతే అప్పుడే మార్చాలండీ.” ఇది కుదిస్తే కూడా అర్థం చెడదు.

విడుదలైన మొదటి రెండు వారాలూ రోజూ సాయంత్రం పదిహేను నిమిషాలు దీనికోసం పక్కన పెట్టాలి. ఏజెంట్లకి జవాబు దొరకని ప్రశ్నలు రాసుకోవడానికి ఒక షీట్ ఉంటుంది, దాన్ని చదివి ఆ రాత్రికే చేర్చాలి. కొత్తవి చేర్చడమే కాదు, ఎవరూ తెరవని జవాబుల్ని వెనక్కి పంపాలి. మన డెక్‌లో మూడు స్లైడ్లు మిషన్ రంగుల గురించి, డిజైన్ గురించి ఉన్నాయి. వాటి మీద ఎంతో ఇష్టంగా రాసిన నాలుగు జవాబుల్ని ఒక్కరూ అడగలేదు. అవి కింద పడి ఉంటే ఇబ్బంది లేదు, పైన ఉంటే ‘సన్నగా’ని వెతికే చేతికి అడ్డొస్తాయి.

ఆ షీట్ చివర్లో ఒక లైను మాత్రం మార్చిలోనే రాసి ఉంది. అప్పటికి ఎవరూ అడగని ప్రశ్న అది: “చలికాలం మొదలైన దగ్గర్నుంచి ట్యాంకు నిండడం లేదు.” జవాబు సిద్ధంగా ఉంది, ముప్పావుగంట లెక్కా, గంట దాటితే వేయాల్సిన టికెట్టూ అన్నీ ఉన్నాయి. పక్కన సర్వీసు విభాగం పేరూ, ఒక చిన్న సూచనా: ‘నవంబర్ 15న మొదటి పేజీకి తేవాలి. ఆదిలాబాద్ డీలర్లకి ముందే పంపాలి.’